"నయమైంది" అని భక్తులు చెప్పే వీడియోకి అంగీకార పత్రం: సంతకం దేనికి సరిపోతుంది, దేనికి సరిపోదు

మా దత్త మందిరం ఛానల్‌కి వీడియోలు ఎడిట్ చేసేది నేనే, గురువారం సత్సంగం అయ్యాక భక్తుల అనుభవాలు రికార్డ్ చేస్తాం. వాటిలో ఎక్కువమంది చూసేది, ఎక్కువమంది ఇంకొకళ్ళకి పంపేది జబ్బు తగ్గిన అనుభవమే. చర్చిలో దీన్ని సాక్ష్యం అంటారు, మా దగ్గర అనుభవం అంటాం, కెమెరా ముందు జరిగేది మాత్రం ఒకటే. వీటికి రాయించుకునే అంగీకార పత్రం గురించి చాలామందికి ఉన్న గందరగోళం ఏంటంటే, భక్తురాలు సంతకం పెట్టేసింది కాబట్టి ఆవిడ ఏం చెప్పినా మనం వేసుకోవచ్చు అనుకోవడం. నేనూ చాలా రోజులు అలాగే అనుకున్నా. అది ఎందుకు తప్పో ఒక్క వీడియో పట్టుకుని మొదటినుంచి చివరదాకా చెప్తాను, ఆవిడ పేరు ఊరు చెప్పను.

ఆవిడకి 58 ఏళ్ళు, పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. తర్వాత ఇంట్లోనే మండలం రోజులు పారాయణ చేయించుకుంది, రోజూ విభూది పెట్టుకుంది, ఆ మండలం పూర్తయ్యేసరికి కర్ర పట్టుకుని గుడి మెట్లు ఎక్కింది. ఆ రోజు అక్కడున్న మేమందరం ఏడ్చాం. మైకు ఇస్తే ఆవిడ చెప్పింది ఇది: "డాక్టర్లు చేతులెత్తేశారు నాయనా, స్వామి విభూదితోనే లేచాను, ఇప్పుడు మందులు కూడా వేసుకోవట్లేదు, పక్షవాతం వచ్చినవాళ్ళు ఎవరైనా సరే ముందు ఇక్కడికి రండి."

ఈ నాలుగు ముక్కల్లో ఆవిడ సంతకంతో మనం వాడుకోగలిగింది ఎంత అన్నదే అసలు ప్రశ్న.

ముందు సంతకం దేనికి చెల్లుతుందో చూద్దాం. ఆవిడ ముఖం, గొంతు, పేరు, జబ్బు వివరాలు, ఇవి ఆవిడ సొంతం, వీటిని పదిమందికి చూపించడానికి ఆవిడ ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు, ఒప్పుకుని తర్వాత మనసు మార్చుకోవచ్చు కూడా. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమ్మతి అంటే ఎలా ఉండాలో చెప్తుంది: ఎవరి ఒత్తిడీ లేకుండా, ఏ పనికో స్పష్టంగా తెలిసి, ఏ షరతుకీ ముడిపెట్టకుండా ఇచ్చిందై ఉండాలి, ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంత తేలికగా ఉండాలి. వివరాలు ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో ఉన్న 22 భాషల్లో ఒకదాంట్లో గానీ చదువుకునే వీలు ఆవిడకి ఉండాలి, అందులో తెలుగు ఉంది. ఈ చట్టానికి రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, చాలా బాధ్యతలు దశలవారీగా అమల్లోకి వస్తాయి, అయినా పత్రం ఇప్పటినుంచే ఈ కొలతకి రాసుకుంటే తర్వాత మళ్ళీ తిరగరాసే పని ఉండదు.

ఇక సంతకం చెల్లనిది. "విభూదితో పక్షవాతం తగ్గుతుంది" అన్న మాట ఆవిడ సొంతం కాదు. అది వినే ఇంకొక మనిషి శరీరం గురించి చెప్తున్న మాట. ఆ వినేవాళ్ళ తరఫున ఆవిడ సంతకం పెట్టలేదు కదా. కాబట్టి ఆ మాట ఛానల్‌లో వేస్తే బాధ్యత వేసినవాళ్ళది, "ఆవిడే చెప్పింది, రాసిచ్చింది" అంటే కుదరదు.

దీనికి చట్టం కొత్తదేం కాదు, 1954 నాటిది, డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం అంటారు. తాయెత్తు, మంత్రం, కవచం లాంటివాటికి జబ్బు తగ్గించే మహిమ ఉందని చెప్తే వాటిని మ్యాజిక్ రెమెడీ కింద లెక్కేస్తుంది. దానికి జతచేసిన జాబితాలో ఉన్న జబ్బులు అలాంటివాటితో తగ్గుతాయని ప్రకటన వెయ్యకూడదని అందులో ఒక సెక్షన్ ఉంది. ఆ జాబితాలో పక్షవాతం ఉంది, షుగరు, క్యాన్సర్, మూర్ఛ, గుండె జబ్బులు కూడా ఉన్నాయి. ప్రకటన అంటే పేపర్లో వేసేది మాత్రమే అనుకుంటాం కానీ ఈ చట్టంలో నోటితో చెప్పిందీ ప్రకటనే, వెలుగు, శబ్దం, చివరికి పొగ ద్వారా జనానికి తెలియజేసినా ప్రకటనే, 1954లో అలా రాశారు. యూట్యూబ్ అంటే వెలుగూ శబ్దమే కదా. మా కమిటీలో ఒక పెద్దాయన "మనం వైద్యం చేసేవాళ్ళం కాదు, ఆ సెక్షన్ మహిమలతో వైద్యం వృత్తిగా చేసేవాళ్ళకి" అన్నారు, ఆయన అన్నదాంట్లో నిజం ఉంది, ఆ సెక్షన్‌లో మాట అలాగే ఉంది. కానీ అదే వీడియో కింద డిస్క్రిప్షన్‌లో "రక్ష కావాల్సినవారు ఈ నంబర్‌కి కాల్ చేయండి" అని రాసి, పక్కన దక్షిణ ఎంతో వేసి, క్యూఆర్ కోడ్ పెట్టాక ఆ వాదన ఎంతసేపు నిలబడుతుంది? మా వీడియోల కింద అప్పటిదాకా అదే ఉండేది. అందుకే ఇప్పుడు పత్రంలోనే రాసేశాం, ఆరోగ్య అనుభవం ఉన్న వీడియోకి విరాళం లింకు, వస్తువుల అమ్మకం, ఫోన్ నంబరు ఏవీ ఉండవని.

చట్టం సంగతి అటుంచండి, ఆ మాట వల్ల జరిగే నష్టం ఎలాంటిదో చెప్తాను, ఎందుకంటే పత్రంలో ఏం కట్ చేయాలో అక్కడే తేలుతుంది. పక్షవాతం ఎక్కువ కేసుల్లో మెదడుకి వెళ్ళే రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం వల్ల వస్తుంది. ఆ గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి, అది కూడా సీటీ స్కాన్ తీసి రక్తస్రావం లేదని చూసుకున్నాకే. మూతి వంకర పోయినా, చెయ్యి పైకి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా ఆ గడియారం తిరగడం మొదలైపోయినట్టే. "ముందు ఇక్కడికి రండి" అన్న ఆవిడ మాట విని ఎవరైనా కారెక్కించుకుని గుడికి తీసుకొస్తే ఆ నాలుగున్నర గంటలు దారిలోనే అయిపోతాయి. మా వైపు ఇప్పటికీ పక్షవాతం అనగానే పసరు మందుకి తీసుకెళ్ళే ఇళ్ళు ఉన్నాయి, అలాంటివాళ్ళకి ఈ ఒక్క వాక్యం చాలు.

మరి ఆవిడ అబద్ధం చెప్పిందా అంటే లేదు. ఇక్కడే ఇంకో ముడి ఉంది. పక్షవాతం తర్వాత కోలుకోవడం మొదటి మూడు నెలల్లోనే వేగంగా ఉంటుంది, మెదడు తనంతట తాను సర్దుకుంటుంది, ఫిజియోథెరపీ దానికి తోడవుతుంది. మండలం దీక్ష సరిగ్గా ఆ మూడు నెలల మధ్యలో పడింది. రెండూ ఒకేసారి జరిగాయి కాబట్టి ఆవిడకి అది దీక్ష వల్లే అనిపించింది, ఆ అనిపించడం నిజం, ఆ నమ్మకం మీద మాకూ గౌరవం ఉంది, నేనూ ఆ స్వామి భక్తుణ్ణే. కానీ "దీక్ష చేస్తున్న రోజుల్లో నేను లేచాను" అనేది ఆవిడ అనుభవం, "దీక్ష వల్ల లేస్తారు" అనేది అందరికీ చెప్పే వైద్యం. ఈ రెండో వాక్యానికి ఏ పత్రంతోనూ పర్మిషన్ రాదు.

అందుకని పత్రం కంటే ముందు మేము ఒక పని చేస్తాం, ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీ చూపించమని అడుగుతాం. కాపీ తీసుకోం, ఫోటో తియ్యం, వాళ్ళ ఇంట్లో కూర్చుని వాళ్ళ ముందే చదివి తిరిగి ఇచ్చేస్తాం. ఈవిడ సమ్మరీలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చినట్టు ఉంది, వాళ్ళబ్బాయి గంటన్నరలో ఆసుపత్రికి చేర్చాడు. బీపీ మాత్ర, రక్తం పల్చబడే మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర రాశారు, రోజూ ఫిజియోథెరపీ చెయ్యమన్నారు. "మరి డాక్టర్లు చేతులెత్తేశారన్నారు కదమ్మా" అంటే వాళ్ళబ్బాయే చెప్పాడు, డాక్టర్ గారు "పూర్తిగా నడుస్తారో లేదో ఇప్పుడే చెప్పలేం" అన్నారట. ఆ మాటే ఇంటికొచ్చేసరికి, చుట్టాలకి ఫోన్లో చెప్పేసరికి చేతులెత్తేశారు అయింది. ఇది ఒక్క ఈవిడ విషయంలోనే కాదు, నేను రికార్డ్ చేసినవాటిలో ఈ మాట వచ్చినప్పుడల్లా అడిగితే వెనకాల దాదాపు ఇలాంటిదే ఉంటుంది.

మందులు వేసుకోవట్లేదు అన్నది మాత్రం నిజంగానే నిజం, రెండు వారాలుగా మానేసింది. ఒకసారి స్ట్రోక్ వచ్చినవాళ్ళు బీపీ మాత్ర, రక్తం పల్చబడే మాత్ర మానేస్తే మళ్ళీ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఆ రోజు పత్రం పక్కన పెట్టేసి ముందు వాళ్ళబ్బాయితో డాక్టర్ దగ్గరికి పంపించాం, మందులు మళ్ళీ మొదలయ్యాకే వీడియో మాట ఎత్తాం. మందులు మానేశానని చెప్పినవాళ్ళ వీడియో వెయ్యకపోవడం ఒక్కటే సరిపోదు, అది విన్నాక ఊరుకోకూడదు అని నా అభిప్రాయం.

ఇప్పుడు సంతకం ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందు అన్న విషయం. 1872 నాటి భారత కాంట్రాక్ట్ చట్టం 16వ సెక్షన్‌లో అనుచిత ప్రభావం అనేది ఒకటుంది, ఒకళ్ళ మనసు మీద పట్టున్న మనిషి ఆ పట్టుని వాడుకుని ఒప్పించడం అని అర్థం. గురువుకి శిష్యుడి మీద ఉండే పట్టు దీనికి పాత ఉదాహరణ, 1890లో అలహాబాద్ హైకోర్టు ఒక కేసులో, పరలోకంలో పుణ్యం వస్తుందని నమ్మి ఆధ్యాత్మిక గురువుకి రాసిచ్చిన దానపత్రాన్ని ఇలాగే చూసింది. అదే సెక్షన్ జబ్బు వల్లో, వయసు వల్లో, బాధ వల్లో మనసు బలహీనంగా ఉన్నవాళ్ళ గురించి కూడా చెప్తుంది. మా భక్తురాలి విషయంలో ఈ రెండూ ఒకేచోట కలిశాయి. స్వామి పాదాల దగ్గర, అందరూ చప్పట్లు కొడుతుంటే పళ్ళెంలో పెన్ను పెట్టి ఇస్తే కాదనే భక్తులు ఎవరుంటారు? కాదంటే స్వామి చేసిన మేలు మర్చిపోయినట్టు అనిపించదూ?

అందుకే సంతకం మందిరంలో పెట్టించం. వాళ్ళ ఇంట్లో, రికార్డింగ్ అయిన రోజు కాకుండా ఇంకో రోజు, మందిరంతో సంబంధం లేని వాళ్ళ మనిషి ఒకరు పక్కన ఉండగా. స్ట్రోక్ వచ్చినవాళ్ళ దగ్గర ఇంకో విషయం చూసుకోవాలి, ఇది నాకు ఒక ఫిజియోథెరపిస్ట్ చెప్పేదాకా తెలీదు. కొంతమందికి స్ట్రోక్ తర్వాత ఏడుపు గానీ నవ్వు గానీ అదుపు లేకుండా వచ్చేస్తుంది, మనసులో అంత బాధ లేకపోయినా కళ్ళు కారిపోతాయి. మనం దాన్ని భక్తి పారవశ్యం అనుకుని క్లోజప్ తీసి థంబ్‌నెయిల్‌కి వాడేస్తాం. ఈవిడది ఏ రకం కన్నీరో నేను చెప్పలేను, కాబట్టి ఏడుస్తున్న షాట్ వాడాలంటే పత్రంలో విడిగా ఒక గడి పెట్టాం, దానికి విడిగా అవును కాదు రాయాలి. కొందరికి మాట అర్థం చేసుకోవడం కూడా దెబ్బతింటుంది, అలాంటప్పుడు పత్రం చదివి వినిపించాక "మీకు అర్థమైంది మీ మాటల్లో చెప్పండమ్మా" అని అడగాలి. ఊ అని తల ఊపితే అది సమ్మతి కాదు, ఆ వీడియో వద్దు.

వంద రూపాయల స్టాంప్ పేపరు, నోటరీ కావాలా అని అడుగుతుంటారు. మామూలు తెల్ల కాగితం చాలు, రెండు కాపీలు, ఒకటి ఆవిడకి. చదవడం రానివాళ్ళయితే వేలిముద్ర పక్కన చదివి వినిపించినవాళ్ళ పేరు, సంతకం. నోటరీ ముద్ర ఉన్నంత మాత్రాన అర్థం కాకుండా పెట్టిన సంతకం అర్థమై పెట్టింది అయిపోదు.

పత్రంలో ముఖ్యమైన భాగం ఇలా రాశాం, కావాలంటే మార్చుకుని వాడుకోండి:

"నాకు పక్షవాతం వచ్చి కోలుకున్న అనుభవాన్ని ఈ ఛానల్‌లో చూపించడానికి ఒప్పుకుంటున్నాను. నా ముఖం చూపించవచ్చు / వద్దు. నా పేరు చెప్పవచ్చు / వద్దు. నేను ఏడుస్తున్న దృశ్యం వాడవచ్చు / వద్దు. చిన్న క్లిప్‌గా కత్తిరించి వేయవచ్చు / వద్దు. దీనికి నాకు డబ్బు గానీ, పూజలో ప్రత్యేక స్థానం గానీ ఇవ్వలేదు, ఒప్పుకోకపోయినా మందిరంలో నా సేవకి అడ్డు ఉండదని చెప్పారు.

నేను ఆసుపత్రిలో వైద్యం చేయించుకున్నాను, ఇప్పుడూ మందులు వాడుతున్నాను. నేను చెప్పేది నా అనుభవం మాత్రమే. ఫలానా పూజ వల్ల గానీ, విభూది వల్ల గానీ ఎవరికైనా ఈ జబ్బు తగ్గుతుందని నేను చెప్పడం లేదు. అలాంటి మాట నా నోట వచ్చినా ఛానల్ వాళ్ళు తీసేస్తారని నాకు తెలుసు.

ఎడిట్ చేసిన వీడియో నాకు చూపించాక, 7 రోజులు ఆగి, నేను రెండోసారి సంతకం పెడితేనే వేయాలి. ఎప్పుడు వద్దనిపించినా ఫోన్లో చెప్పినా సరే, 3 రోజుల్లో తొలగిస్తారు, కారణం అడగరు."

7 రోజులు, 3 రోజులు అనేవి చట్టం చెప్పినవి కావు, మేము పెట్టుకున్నవి. "తొలగిస్తారు" అన్న మాట మాత్రం కావాలనే రాశాం. మొదట "కనిపించకుండా చేస్తాం" అని రాసుకున్నాం, కానీ యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్ పెడితే లింకు ఉన్నవాళ్ళందరికీ వీడియో ఇంకా కనిపిస్తూనే ఉంటుంది, మన వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో లింకులు ఏళ్ళ తరబడి తిరుగుతాయి. తొలగించాక కూడా ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకుని వాళ్ళ ఛానల్‌లో ఎక్కిస్తే? ఆ వీడియో మాది కాబట్టి కాపీరైట్ కంప్లైంట్ మేమే పెట్టగలం, పెడతామని పత్రంలో రాశాం. వాట్సాప్‌లో చేతులు మారినవాటిని మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు, అది కూడా సంతకానికి ముందే ఆవిడకి నోటితో చెప్పాను, కాగితం మీదా రాశాను. అది విన్నాకే ఆవిడ పేరు దగ్గర "వద్దు" కి టిక్ పెట్టింది, కోడలి తరఫు వాళ్ళకి జబ్బు సంగతి తెలీదట.

డిస్క్రిప్షన్‌లో "ఇది వైద్య సలహా కాదు" అని ఒక లైను పడేస్తే సరిపోతుందని చాలా ఛానళ్ళ నమ్మకం. షార్ట్‌లో ఆ లైను ఎవరూ తెరిచి చూడరు, వాట్సాప్‌లో వెళ్ళే క్లిప్‌తో అది అసలు వెళ్ళనే వెళ్ళదు. హద్దు చెప్పే మాట ఆవిడ నోటినుంచే, వీడియో లోపలే రావాలి. అందుకే మళ్ళీ రికార్డ్ చేశాం. నేను మాటలు రాసివ్వలేదు, ప్రశ్నలు మాత్రం వరసగా అడిగాను: ఎప్పుడు వచ్చింది, ఎవరు తీసుకెళ్ళారు, అక్కడ ఏం చేశారు, ఇంటికొచ్చాక రోజు ఎలా గడిచేది, పారాయణ వింటుంటే ఎలా ఉండేది, ఇప్పుడు ఏం మందులు వాడుతున్నారు. రెండోసారి ఆవిడ చెప్పింది ఇది: "మా అబ్బాయి ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాడు, ఇంజెక్షన్ ఇచ్చారు. ఇంటికొచ్చాక రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు, చచ్చిపోతానేమో అని భయం. పారాయణ వింటుంటే ఆ భయం పోయేది, పొద్దున్నే లేచి కాలికి ఎక్సర్‌సైజు చెయ్యాలనిపించేది. స్వామే నాకు ఆ ఓపిక ఇచ్చాడు. మందులు ఇప్పటికీ వేసుకుంటున్నా."

మొదటిదాంట్లో ఆ భయం గురించి ఒక్క ముక్క లేదు చూడండి. రాత్రుళ్ళు ఏమైంది అని ఎవరూ అడగలేదు, మహిమ గురించి అడిగాం, ఆవిడ మహిమ చెప్పింది.

టైటిల్ దగ్గర కూడా పట్టుబట్టాలి, ఎందుకంటే లోపల ఎంత జాగ్రత్తగా ఉన్నా పైన "పక్షవాతాన్ని మాయం చేసిన విభూది" అని పెడితే చాలామంది చదివేది అదొక్కటే. పత్రంలో టైటిల్, థంబ్‌నెయిల్ మీద రాసే మాటలు కూడా ఆవిడకి చూపించాలని ఉంది, ఈ వీడియోకి "పక్షవాతం తర్వాత మళ్ళీ మెట్లు ఎక్కిన రోజు" అని పెట్టాం. వ్యూస్ పాతవాటితో పోలిస్తే తక్కువే వచ్చాయి, అది నిజం. కామెంట్లలో "ఆ విభూది ఎక్కడ దొరుకుతుంది, మా నాన్నకి పంపిస్తారా" అని అడిగినవాళ్ళు ఉన్నారు, వాళ్ళకి మేమిచ్చే జవాబు ఒక్కటే, దర్శనానికి ఎప్పుడైనా రండి, మీ నాన్నగారి మందులు మాత్రం డాక్టర్ చెప్పకుండా ఆపకండి అని. కామెంట్లలో ఎవరైనా మందులు మానేయమని సలహా ఇస్తే తీసేస్తాం, మన వీడియో కింద ఉన్న మాట మనం ఒప్పుకున్న మాటలాగే కనిపిస్తుంది.

పిల్లల జబ్బుల అనుభవాలు మాత్రం మేము అసలు తియ్యట్లేదు. 18 లోపు వాళ్ళకి తల్లిదండ్రులు సంతకం పెట్టొచ్చు, చట్టం అందుకు వీలిస్తుంది, కానీ ఆ పిల్లాడికి పాతికేళ్ళు వచ్చి పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు అతని మూర్ఛ సంగతి ఇంటర్నెట్‌లో ఉండాలా వద్దా అని ఇవాళ ఎవరు చెప్పగలరు?

పత్రంలో చివర్లో ఏడాదికోసారి మేమే ఫోన్ చేసి వీడియో ఉంచాలా తీసేయాలా అని అడుగుతామని రాశాం. మొన్న ఈవిడకి చేశాను. "ఉండనీ నాయనా, కానీ ఇప్పుడు కర్ర కూడా లేదు, అది కూడా చెప్పాలి నేను" అంది. అది కొత్త వీడియో కాబట్టి పాత సంతకం పనికిరాదు. వచ్చే ఆదివారం కొత్త కాగితం రెండు కాపీలు తీసుకుని వాళ్ళింటికి వెళ్తున్నా, ఈసారి కూడా డిశ్చార్జ్ సమ్మరీ పక్కన తాజా మందుల చీటీ చూపించమని ముందే చెప్పాను.